ధర ఎక్కువన్నప్పుడు ఏం చెప్పాలి?

పోచంపల్లి పట్టుచీర అమ్మేవారి మాట ప్రశ్నతో మొదలవ్వాలి: "పెళ్లికా అమ్మా, మామూలుగా కట్టుకోవడానికా?" జవాబు విన్నాక రెండు మూడు చీరలే తీయాలి. గుట్టలుగా పరిస్తే కొనేవారు తేల్చుకోలేరు.

9,000 అనగానే ఆమె అంటుంది: "అమ్మో! బయట ఇలాంటిదే 2,000కి ఇస్తున్నారు."

"అది నాసిరకం" అంటే ఆమె ఎంపికను తప్పుపట్టినట్టే. వెంటనే వెయ్యి తగ్గిస్తే మొదట చెప్పిన ధర మీదే అనుమానం వస్తుంది. "నిజమేనమ్మా, తేడా పెద్దదే. ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి" అనాలి. ఇక్కత్‌లో పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. గీతల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు చీరకు తరచూ వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది.

ఇది చూపించి ఆగాలి. ఆమె ఆలోచిస్తుంటే మధ్యలో మాట్లాడకూడదు. ఇంకా వెనకాడితే "ఎంతలో అనుకున్నారమ్మా?" అని అడగాలి. 3,000 అంటే అదే నేతలో నూలు చీర తీయాలి. చేతిలో అంత డబ్బు లేదన్నవారికి నాణ్యత గురించి మళ్లీ చెబితే అది ఒత్తిడే. "నాలుగుచోట్ల చూసుకుని రండమ్మా" అని పంపడమే మర్యాద.