జనాన్ని చెరపకుండా ఖాళీ చార్మినార్

చార్మినార్ ముందు జనం లేని నిమిషం పగటిపూట దొరకదు. అలాగని గోడలో ఏ చిన్న ముక్కను చూసినా, దాని ముందు ఒకే మనిషి అంతసేపూ నిలబడి ఉండడు. ఎవరో దాటిపోతారు, గోడ కనిపిస్తుంది, మళ్లీ ఇంకెవరో అడ్డొస్తారు. ఒకే చోటి నుంచి చాలా ఫొటోలు తీసి ఆ గోడ ముక్కలన్నిటినీ ఏరుకోవచ్చు. దీన్నే మీడియన్ బ్లెండింగ్ అంటారు.

కమాను కింద ఒక్క చుక్కను తీసుకుందాం. తొమ్మిది ఫొటోల్లో దాని వెలుగు 170, 168, 40, 171, 235, 169, 95, 172, 170 అని వచ్చిందనుకోండి. 40 నల్ల బుర్ఖాది, 235 తెల్ల చొక్కాది, 95 ఎవరిదో సంచిది. మిగతావన్నీ గోడవే. వీటి సగటు దాదాపు 154, అంటే గోడ మీద దెయ్యం నీడలాంటి మరక. వరుసలో పేర్చి నడిమి అంకె తీసుకుంటే 170, అచ్చంగా గోడ రంగే. క్లోన్ టూల్‌తో మనుషుల మీద పూత పూస్తే వెనక ఏముందో ఊహించాలి. సున్నపు పనితనం ఉన్నచోట ఆ ఊహ ఇట్టే దొరికిపోతుంది. ఇక్కడ ఊహించాల్సిన పని లేదు.

ట్రైపాడ్ మీద కెమెరా కదలకూడదు. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో బిగించండి. పది, పదిహేను సెకన్లకొకటి చొప్పున ఇరవై దాకా తీస్తే చాలు. గబగబా బర్స్ట్ నొక్కితే అన్నిటిలోనూ అదే మనిషి అక్కడే ఉంటాడు. గంటసేపు తీసినా చిక్కే: ఎండ జరిగి నీడల అంచులు చెదురుతాయి.

ఫొటోషాప్‌లో అన్నిటినీ ఒకే ఫైల్‌లోకి లేయర్లుగా తెచ్చి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో మీడియన్ ఎంచుకోవాలి. ఉచితంగా దొరికే ఇమేజ్‌మ్యాజిక్‌లో అయితే ఒక్క వరుస:

```
magick *.jpg -evaluate-sequence median charminar.png
```

ఒక చుక్క సగానికి పైగా ఫొటోల్లో ఖాళీగా ఉండాలన్నది అసలు షరతు. బల్ల వేసుకుని కూర్చున్న గాజుల వ్యాపారి ఎక్కడికీ పోడు. 1838లో డగేర్ పారిస్ వీధిని నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసినప్పుడూ అంతే: కదిలే బళ్లు, జనం మాయమై, బూటు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మిగిలాడు. జనం తెంపు లేకుండా పారే దారి మరీ మోసం చేస్తుంది. అక్కడ ఎవరూ కనిపించరు గానీ, రకరకాల బట్టల రంగులు కలిసిన బురద తేలుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఫలితాన్ని వంద శాతానికి పెంచి, విడి ఫొటో పక్కన పెట్టి చూడండి. గోడ గరుకుదనం పోయి నున్నగా ఉన్నచోటే తేడా. ఆ ముక్క ఖాళీగా ఉన్న ఫొటో ఒక్కటైనా దొరికితే, మాస్క్ వేసి దాన్నే అక్కడ అతికించాలి.

పావురాలూ మాయమవుతాయి, చెట్ల ఆకులు అలుక్కుపోతాయి. పావురాలు కావాలనుకుంటే వాటిని ఒక విడి ఫొటో నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇలా చేసిన బొమ్మ గోడకు పెట్టుకోవడానికి బాగుంటుంది. వార్తా చిత్రంగా మాత్రం పంపకండి, అంత ఖాళీగా చార్మినార్‌ను ఆ పూట ఎవరూ చూడలేదు.