కొట్టులో మాయమైన పదివేలు

ఒక కిరాణా కొట్టు లెక్క చూద్దాం. నెల మొదట్లో ఉన్న సరుకు 2 లక్షలు, కొన్నది 5 లక్షలు. నెలాఖరున లెక్కపెడితే మిగిలింది 1.5 లక్షలు. కాబట్టి అమ్మిన సరుకు ఖరీదు 5.5 లక్షలని రాసేస్తారు. ఇది పీరియాడిక్ పద్ధతి. లెక్కింపు అయ్యేదాకా లాభం తేలదు, ఆ నెల ఖాతాలు ముగియవు.

పర్పెచువల్ పద్ధతిలో ప్రతి బిల్లుకూ అమ్మకంతోపాటు సరుకు ఖరీదు కూడా ఖాతాకెక్కుతుంది. అదే కొట్టులో 5.4 లక్షల సరుకు అమ్మినట్టు, 1.6 లక్షలది ఉండాల్సినట్టు ఖాతా చూపిందనుకోండి. పదివేలు తక్కువ! ఎలుకలు తిన్నాయా, ఎవరైనా పట్టుకెళ్లారా, బిల్లే కొట్టలేదా? వెతికి, దొరక్కపోతే తరుగు కింద రాస్తారు. పీరియాడిక్‌లో ఈ పదివేలు అమ్మిన సరుకులో కలిసిపోయి కంటికే ఆనదు. చివరికి లాభం రెండింటిలోనూ ఒకటే.

కంప్యూటర్ బిల్లింగ్ ఉన్నా సరే, అప్పుడప్పుడూ సరుకు లెక్కపెట్టుకోండి.