ఉడుక్కుంటే ఓడినట్టే

న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట హార్లెం. 1960లలో అక్కడి కుర్రాళ్లు కొందరు ఒక చిన్న బస్సులో విహారయాత్ర నుంచి ఇంటికి తిరిగి వస్తున్నారు. దారిపొడవునా ఒకరి తల్లిని ఒకరు, ఒకరి ఇంటిని ఒకరు తిట్టుకుంటూనే ఉన్నారు. విలియం లాబోవ్ అనే భాషాశాస్త్రవేత్త బృందం దాన్ని టేపు చేసి, తీరిగ్గా విని లెక్కపెట్టింది. సుమారు 35 నిమిషాల ప్రయాణంలో 180 తిట్లు! ఒక్కరూ చెయ్యి చేసుకోలేదు. బస్సంతా నవ్వులే.

ఈ ఆటను అమెరికాలో ‘డజన్స్’ అంటారు. న్యూయార్క్ కుర్రాళ్లు ‘సౌండింగ్’ అనేవారు. తల్లిని తిడితే ప్రాణాలు తీసుకునే వయసులో వాళ్లు అన్నన్ని మాటలు పడి ఎలా నవ్వగలిగారు? లాబోవ్ 1972లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆయన తేల్చినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే: ఆటలో వేసే తిట్టు పచ్చి అబద్ధమై ఉండాలి. అది అబద్ధమని ఇద్దరికీ తెలియాలి. తెలుసన్న సంగతి కూడా ఇద్దరికీ తెలియాలి.

ఉదాహరణ అల్లి చూద్దాం. “మీ ఇంటికొస్తే బొద్దింకలు తలుపు తీసి, చెప్పులు బయట విడిచి రమ్మన్నాయిరా” అని ఒకడన్నాడనుకోండి. తలుపు తీసే బొద్దింకలు ఎక్కడా ఉండవు. కాబట్టి అది ఆ ఇంటి గురించి ఇచ్చిన సమాచారం కాదు, ఆటలో వేసిన పావు. దానికి జవాబు ఇంకో పావే. “మీ ఇంట్లో అవి కూడా లేవు, తిండి దొరక్క వలసపోయాయి” అంటే ఆట సాగుతుంది. అలా కాకుండా “మా ఇంట్లో బొద్దింకలు లేవు” అన్నాడా, పని అయిపోయినట్టే. కాదన్నాడంటే ఆ మాటను నిజంగా తీసుకున్నాడన్నమాట. మనకు దీనికి చక్కని మాట ఉంది, ఉడుక్కోవడం. ఉడుక్కున్నవాడు ఓడినట్టు.

ఈ సూత్రం ఎంత సున్నితమైనదో లాబోవ్ టేపుల్లోనే ఇంకోచోట తెలుస్తుంది. మరో గుంపులో ఇద్దరు కుర్రాళ్లు పోటాపోటీగా తిట్టుకుంటున్నారు. వాళ్లలో ఒకడు రెండోవాడి తండ్రి నత్తిగా మాట్లాడతాడంటూ అనుకరించి చూపించాడు. అప్పటిదాకా అన్నవాటితో పోలిస్తే ఇది చాలా మెత్తని మాట. కానీ ఆ కుర్రాడి సవతి తండ్రికి నిజంగానే నత్తి. అంతవరకు అందరికంటే జోరుగా ఆడుతున్న ఆ కుర్రాడికి మాట తడబడింది. తిరుగు పంచ్ వెయ్యాల్సినవాడు, మా నాన్నకు నత్తి ఉంటే ఏమైందంటూ వాదనకు దిగాడు. వెంటనే ఎదుటివాడి తండ్రి నెరిసిన జుట్టు మీదికి, బట్టతల మీదికి పోయాడు. దాంతో ఇద్దరి మాటల్లోంచి ఆట మాయమైంది. ఘోరమైన అబద్ధాన్ని నవ్వుతూ దిగమింగినవాడికి చిన్న నిజం గొంతులో అడ్డం పడింది.

అందుకే ఈ ఆట ముక్కూమొహం తెలియనివాళ్లతో ప్రమాదం. ఎవరింట్లో ఏ కష్టం ఉందో తెలిస్తేనే దాన్ని తప్పించి కొట్టడం కుదురుతుంది. నిజంగా తండ్రి తాగుబోతైన స్నేహితుడి మీద తాగుబోతు జోకు వెయ్యకూడదని తెలిసినవాడే బాగా తిట్టగలడు.

ఈ ఆటలో మూడో పక్షం చుట్టూ నిలబడ్డ గుంపు. తీర్పు వాళ్లదే. గట్టిగా నవ్వారంటే పావు పండినట్టు. నవ్వుతూ ఆ మాటనే మళ్లీ అన్నారంటే ఇంకా పెద్ద మెప్పు. గొడవ ముదురుతుంటే నవ్వుతో చల్లార్చేదీ వాళ్లే. చుట్టూ జనం లేకుండా ఇద్దరే ఒక మూల అవే మాటలు అనుకుంటే, అది ఆటో కాదో చెప్పేవాడు ఉండడు.

నేటి రోస్ట్ పోటీలు ఈ సూత్రాన్ని కొంత తిరగేశాయి. లాస్ ఏంజలిస్‌లోని కామెడీ స్టోర్‌లో 2013లో ‘రోస్ట్ బ్యాటిల్’ మొదలైంది. ఇక్కడ ఎదుటివాడి విడాకులు, లావు, అప్పులు అన్నీ నిజమైనవే వాడతారు. నిజం ఎంత దగ్గరగా తగిలితే అంత చప్పట్లు. మరి అబద్ధమనే రక్షణ పోయాక ఆటను ఆటగా నిలిపేదేమిటి? ముందే ఇచ్చిన ఒప్పుకోలు. తిట్లు తినడానికి సిద్ధపడే ఇద్దరూ వేదిక ఎక్కుతారు. నియమాలు మూడే: జోకులు సొంతవై ఉండాలి, ఒంటి మీద చెయ్యి పడకూడదు, చివర ఇద్దరూ కౌగిలించుకోవాలి. ఆ కౌగిలి మర్యాద కోసం కాదు. అప్పటిదాకా అన్నదంతా ఆటేనని జనం ముందు వేసే సంతకం అది.

ఆ ఒప్పుకోలు గది దాటితే చెల్లదు. 2014 డిసెంబరులో ముంబైలో ఏఐబీ బృందం కరణ్ జోహార్ నిర్వహణలో రణ్‌వీర్ సింగ్, అర్జున్ కపూర్‌లను వేదిక మీద రోస్ట్ చేసింది. తిట్లు తిన్న హీరోలిద్దరూ పడీపడీ నవ్వారు. హాల్లోని వేలమందీ నవ్వారు. మరుసటి నెల చివర్లో వీడియో యూట్యూబ్‌లోకి వచ్చాక పోలీసు ఫిర్యాదులు మొదలయ్యాయి. వారం తిరగకుండానే దాన్ని తీసేశారు. గొడవ చేసింది తిట్లు తిన్నవాళ్లు కాదు, ఆటలో చేరకుండానే విన్నవాళ్లు. వేదిక మీద అన్నమాట ఫోన్‌లోకి చేరేసరికి చుట్టూ ఉన్న నవ్వు, ముందున్న ఒప్పందం రాలిపోయి తిట్టొక్కటే మిగిలింది.

మనవాళ్లు ఈ ఒప్పుకోలును బంధుత్వంలోనే పెట్టుకున్నారు. బావను మరదలు ఎంత ఆటపట్టించినా తప్పు లేదు, అది వరస. అదే మాట వరస కానివాడితో అంటే పెద్దమనుషులు కూర్చోవాలి. పెళ్లిలో వియ్యపురాలి మీద పాటలు కట్టి, ఆవిడ తిండిని, పిసినారితనాన్ని ముఖం మీదే ఎండగట్టేవాళ్లు. ఆవిడ నవ్వాలే తప్ప ఉడుక్కోకూడదు. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో పరిహాస బంధుత్వాల గురించి రాసిన వ్యాసంలో చెప్పింది కూడా ఇదే: వెక్కిరించే హక్కు ఒకరిదైతే, నొచ్చుకోకుండా ఉండే బాధ్యత రెండోవారిది. పెళ్లిపందిరి దాటి మర్నాడు వంటింట్లో అదే పాట పాడితే మాత్రం వియ్యం చెడుతుంది.

అయితే ఇలా తిట్టుకున్నవాళ్ల మధ్య చివరికి ఏం మిగులుతుంది? దీనికి జవాబు స్కాట్లండ్‌లో ఉంది. సుమారు 1500 ప్రాంతంలో నాలుగో జేమ్స్ రాజు ఆస్థానంలో విలియం డన్‌బార్, వాల్టర్ కెనెడీ అనే కవులు పద్యాల్లో తిట్టుకున్నారు. ‘ఫ్లైటింగ్’ అనే ఈ పోటీలో డన్‌బార్ కెనెడీ మొహాన్ని, పేదరికాన్ని, అతని గేలిక్ భాషను దేన్నీ వదల్లేదు. కెనెడీ కూడా బాకీ ఉంచుకోలేదు. కొన్నేళ్ల తర్వాత డన్‌బార్ గతించిన కవులను తలుచుకుంటూ ఒక విలాప గీతం రాశాడు. అందులో బతికున్న కవి ఒకడి పేరు చేర్చి, అతను చావుబతుకుల్లో ఉన్నాడని, అది ఎంతో జాలిపడవలసిన సంగతని బాధపడ్డాడు. ఆ పేరు వాల్టర్ కెనెడీ.