బదిలీ అయింది, అగ్రిమెంట్ ఇంకా ఉంది: ఇంటి ఓనరుకు లేఖ ఎలా రాయాలి?

బోనకల్ లాంటి మండల కేంద్రంలో కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆఫీసు స్టాఫ్ చాలామంది. బదిలీ ఆర్డర్ వస్తే చేతిలో ఉండేది కొద్ది రోజులే. దుమ్ముగూడెమో చర్లో పడిందంటే ఖమ్మం, భద్రాచలం దాటి నూరు కిలోమీటర్ల పైనే పోవాలి. రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. అక్కడ ఇంకో ఇల్లు వెతుక్కోవాలి, ఇక్కడ అగ్రిమెంట్ ఏమో ఇంకా నడుస్తూ ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. "నా బదులు ఇంకొకరిని పెడతా, అడ్వాన్స్ ఇచ్చేయండి" అని ఓనరుకు ఫోన్ చేస్తారు. గొడవలు మొదలయ్యేది కూడా ఇక్కడి నుంచే.

ముందు చేయాల్సింది అగ్రిమెంట్ కాగితం తీసి తేదీలు చూసుకోవడం. మన దగ్గర ఎక్కువగా 11 నెలలకే రాసుకుంటారు. ఆ 11 నెలలు ఎప్పుడో అయిపోయి, కొత్త కాగితం లేకుండా నెలనెలా కిరాయి ఇస్తూ ఉంటున్నారా? అయితే మీది నెలవారీ కిరాయి కిందకు వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇస్తే చాలు. వేరే మనిషిని చూపించాల్సిన అవసరమే లేదు. ఈ సంగతి తెలియక అడ్వాన్స్ వదులుకున్నవాళ్లు ఉన్నారు.

గడువు ఇంకా ఉంటే మాట వేరు. ఉదాహరణకు ఒక టీచర్ బోనకల్‌లో నెలకు 6,000 రూపాయల కిరాయికి ఇల్లు తీసుకున్నారనుకుందాం. అడ్వాన్స్ 12,000. అగ్రిమెంట్ 2025 జూన్ 1 నుంచి 11 నెలలు. మొదటి ఆరు నెలలు ఖాళీ చేయకూడదని, చేస్తే ఆ ఆరు నెలల్లో మిగిలిన కిరాయి ఇవ్వాలని రాసి ఉంది. బదిలీ అయితే మినహాయింపు అన్న మాట ఎక్కడా లేదు. సెప్టెంబరు 22న ఆర్డర్ వచ్చింది, 30న రిలీవ్ కావాలి. అంటే అక్టోబరు, నవంబరు కిరాయి కింద మొత్తం 12,000 అడ్వాన్స్ పట్టుకుంటానని ఓనరు అనొచ్చు.

అలా అనే హక్కు ఆయనకు ఉందా? కొంత ఉంది. బదిలీ సర్కారు చేసినా అగ్రిమెంట్‌లో సంతకం మీదే. మీరు చూపిన మనిషిని ఒప్పుకోవాలన్న బలవంతం కూడా ఆయన మీద లేదు. అయితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ఇంకో మాట చెబుతుంది. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసి ఉన్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే దక్కుతుంది. సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో డిపాజిట్ జప్తుకు కూడా ఇదే సూత్రం వర్తింపజేసింది. అదే కిరాయికి ఇంకొకరు పదిహేను రోజుల్లో దిగితే ఓనరుకు నిజంగా పోయింది పదిహేను రోజుల కిరాయే. కొత్త కిరాయిదారును చూపించడం వల్ల అసలు లాభం ఇదే. అది హక్కు కాదు, ఓనరు నష్టాన్ని తగ్గించే ప్రతిపాదన. లేఖ కూడా ఆ ధోరణిలోనే ఉండాలి.

పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. తాళం స్నేహితుడి చేతిలో పెట్టి, "కిరాయి ఓనరుకు ఇస్తూ ఉండు" అని చెప్పి పోవడం. అది సబ్ లీజు అవుతుంది. అగ్రిమెంట్‌లో వద్దని ఉంటే అదే ఒక ఉల్లంఘన. వద్దని లేకపోయినా, సెక్షన్ 108(జె) ప్రకారం పాత కిరాయిదారు బాధ్యత పోదు. స్నేహితుడు నాలుగు నెలలు కట్టకపోతే ఓనరు ఫోన్ చర్లలో ఉన్న మీకే వస్తుంది. అందుకే లేఖలో "నా అగ్రిమెంట్ ఆయన పేరు మీదకు మార్చండి" అని అడగొద్దు. "నాది రద్దు చేయండి, ఆయనతో కొత్తది రాసుకోండి" అని అడగాలి. ఇద్దరూ ఒప్పుకుని లీజు వదులుకోవడాన్ని సెక్షన్ 111(ఇ) గుర్తిస్తుంది.

ఇక మనిషి ఎక్కడ దొరకాలి? చిన్న ఊళ్లో దీనికి ఒక సులువు ఉంది. మీ పోస్టులోకి బదిలీ మీద వచ్చేవారికి కూడా ఇల్లు కావాలి కదా. ఆఫీసులో అడిగితే పేరు ముందే తెలుస్తుంది. వాళ్ల వివరాలు ఓనరుకు ఇచ్చే ముందు వాళ్లను ఒక్కమాట అడగండి. ఉద్యోగం, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎప్పుడు దిగుతారు, ఇంతవరకే చాలు.

పైన చెప్పిన టీచర్ లేఖ ఇలా ఉండొచ్చు:

"తేదీ: 23-09-2025, బోనకల్.

ఇంటి యజమాని గారికి నమస్కారం. మీ ఇంట్లో 01-06-2025 అగ్రిమెంట్ ప్రకారం కిరాయికి ఉంటున్నాను. నాకు దుమ్ముగూడెం మండలానికి బదిలీ అయింది. 30వ తేదీన రిలీవ్ అవుతున్నాను. ఆర్డర్ కాపీ జతచేశాను. అగ్రిమెంట్‌లో ఆరు నెలల షరతు ఉందని నాకు తెలుసు. మీకు నష్టం రాకుండా నా స్థానంలో వస్తున్న టీచర్ గారిని పరిచయం చేస్తున్నాను. వారు నలుగురు ఉంటారు. అక్టోబరు 16 నుంచి అదే కిరాయికి దిగడానికి సిద్ధంగా ఉన్నారు. మీరు చూసి, మాట్లాడి, నచ్చితే వారితో కొత్త అగ్రిమెంట్ రాసుకోగలరు. అక్టోబరు 15 వరకు కిరాయి నేనే ఇస్తాను. వారు రాకపోతే, వేరొకరు దిగే వరకు లేదా అక్టోబరు 31 వరకు, ఏది ముందైతే అంతవరకు కిరాయి నాదే. ఇల్లు అప్పగించిన రోజున నా అగ్రిమెంట్ రద్దయినట్టు రాసిచ్చి, లెక్క పోను మిగిలిన అడ్వాన్స్ ఇప్పించగలరు. మీ జవాబు 27వ తేదీలోపు కోరుతున్నాను."

షరతును దాచకుండా తనే ముందు చెప్పడం ఇందులో గమనించండి. ఓనరు అడ్డం తిరిగేది ఎక్కువగా "నాకు తెలియదనుకున్నాడా" అన్న కోపంతోనే. కొత్త మనిషి రాకపోతే ఎంతవరకు కడతారో హద్దు కూడా రాశారు. ఆ హద్దు లేకపోతే మాట సాగుతూనే పోతుంది. ఆ హద్దుకు ఓనరు ఒప్పుకుంటేనే విలువ, కాబట్టి కాపీ మీద "ఒప్పుకున్నాను" అని రాసి సంతకం చేయించుకోవాలి. చేతికి ఇవ్వడం కుదరకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి, అదే ఫొటో వాట్సాప్‌లో కూడా పెట్టాలి.

అడ్వాన్స్ దగ్గర ఇంకో చిక్కు. కొత్తాయన 12,000 నేరుగా పాతాయనకు ఇచ్చేయడం మన దగ్గర మామూలే. తర్వాత గోడ పాడైందని ఓనరు అంటే ఎవరి డబ్బులో పట్టుకోవాలో తేలదు. ఓనరు కొత్త అడ్వాన్స్ తీసుకుని పాతది తిరిగి ఇవ్వడమే మంచిది. మన లెక్కలో పదిహేను రోజులకు 3,000, సున్నం వేయించడానికి 1,200 పోతే టీచర్‌కు 7,800 రావాలి. కరెంటు బిల్లు ఆ రోజు మీటరు రీడింగ్ చూసి వేరే కట్టేయాలి.

తాళం ఇచ్చే రోజు అర పేజీ కాగితం చాలు. తేదీ, మీటరు రీడింగ్, తాళాలు ఎన్ని, అడ్వాన్స్‌లో ఎంత ఇచ్చారు, "ఇక బాకీ ఏమీ లేదు" అన్న వాక్యం, ఇద్దరి సంతకాలు. ఖాళీ గదుల వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకోండి. ఓనరు సంతకానికి ఒప్పుకోకపోయినా తాళం తీసుకుని కొత్తవారితో అగ్రిమెంట్ చేసుకుంటే, పాత లీజు ముగిసినట్టే అని సెక్షన్ 111(ఎఫ్) కింద వాదించొచ్చు. అప్పుడు ఆ తేదీ చూపించడానికి వాట్సాప్ మెసేజ్, వీడియో పనికొస్తాయి.