మీకు తెలుసా? వాక్యూమ్ క్లీనర్ గొంతు సన్నబడితే ఫిల్టర్, బొంగురుపోతే బ్రష్

ఫిల్టర్ మూసుకుపోయిన వాక్యూమ్ క్లీనర్‌లో మోటారు మీద భారం పెరగదు, తగ్గుతుంది. గాలిని లాగి వెనక్కి తోయడమే ఆ మోటారు పని. దారి మూసుకుపోతే తోయడానికి గాలే ఉండదు కాబట్టి లోపలి ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది, కరెంటు కూడా తక్కువే తీసుకుంటుంది. సంపులో నీళ్లు అయిపోగానే పంపు శబ్దం మారిపోయినట్టు ఇక్కడా మారుతుంది. గొంతు సన్నబడి కీచుమంటుంది.

భారం తగ్గితే మరి మోటారు ఎందుకు కాలుతుంది? ఇళ్లలో వాడే యంత్రాల్లో చాలావాటికి, లోపలికి పీల్చిన గాలే ఫిల్టర్ దాటి వచ్చి మోటారును చల్లబరుస్తుంది. ఆ గాలి ఆగితే వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడి హద్దు దాటగానే రక్షణ స్విచ్ యంత్రాన్ని ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ మామూలుగా నడుస్తుంది. దాంతో బాగైపోయిందనుకుని వాడుతూ పోతారు, మోటారు రోజూ కాలిపోయే అంచుదాకా వెళ్లి వస్తుంటుంది.

బ్రష్ విషయం దీనికి పూర్తిగా తలకిందులు. గిరగిరా తిరిగే బ్రష్ రోలర్‌కు జుట్టు, దారాలు చుట్టుకుంటే దాన్ని తిప్పడం మోటారుకు నిజంగానే బరువవుతుంది. శబ్దం మందగించి బొంగురుపోతుంది. బెల్టుతో తిరిగే రకమైతే బెల్టు జారి కాలిన రబ్బరు వాసన వస్తుంది. తీగ లేని చేతి యంత్రాల్లో ఎక్కువగా రోలర్‌కు వేరే చిన్న మోటారు ఉంటుంది. అది తట్టుకోలేక ఆగిపోతుంది, గాలి పీల్చడం మాత్రం సాగుతూనే ఉంటుంది. పొడవాటి గొట్టంతో నేల మీద లాక్కెళ్లే రకాల్లో చాలావాటికి తిరిగే బ్రష్ ఉండదు. వాటికి ఫిల్టర్ సంగతి ఒక్కటే చాలు.

ఈ రెండు భాగాలూ ఇళ్లలో వాడే ఈ యంత్రానికి దాదాపు పుట్టుకతో వచ్చినవే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్లో, ఒక దుకాణంలో ఊడ్చే పని చేసిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఉబ్బసంతో బాధపడేవాడు. ఫ్యాన్ మోటారుకు తిరిగే బ్రష్ తగిలించి, వెనక దిండు గలీబు కట్టి దుమ్ము పట్టే పరికరం చేశాడు. 1908లో దానికి పేటెంటు దక్కింది. బ్రష్ దుమ్మును లేపుతుంది, గుడ్డ దాన్ని ఆపుతుంది. ఈనాటి ఖరీదైన యంత్రంలోనూ జరిగేది అంతే.

ఇప్పుడు సనత్‌నగర్‌లో రోడ్డు వైపు కిటికీలున్న ఒక ఫ్లాట్ అనుకుందాం. హైదరాబాద్ నగరంలో గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాల్లో ఒకటి ఇక్కడే ఉంది. పారిశ్రామిక వాడ పక్కనే కాపురాలున్న చోటు, వాహనాల రద్దీ, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కట్టడాల పని. కాబట్టి కిటికీలోంచి వచ్చేది ముతక మట్టి ఒక్కటే కాదు, మెత్తని పొడి కూడా. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఈ పొడిలో 10 మైక్రాన్ల లోపు రేణువులుంటాయి. ఫిల్టర్ రంధ్రాల్లో ఇరుక్కునేవి అవే. ఇక ఇంట్లో తల్లికీ కూతురికీ పొడుగు జడలు, ఒక గదిలో కుట్టు మిషన్, పూలమాలల దారాలు. చేతి యంత్రం చాప మీద చెత్త వదిలేస్తోంది. ఎక్కడ చూడాలి?

ముందుగా కింది బ్రష్ తలను, గొట్టాన్ని విప్పి, యంత్రం ఒక్కదాన్నే నడిపి మూతి దగ్గర అరచెయ్యి పెట్టాలి. లాగుడు గట్టిగా ఉంటే అడ్డు గొట్టంలోనో తలలోనో ఉన్నట్టు. గొట్టం విప్పినా శబ్దం సన్నగానే ఉండి లాగుడు నీరసంగా ఉంటే ఫిల్టరే కారణం. మన ఫ్లాట్‌లో లాగుడు నీరసంగానే ఉంది. ఫిల్టర్ బాగుచేసి తల తగిలించాక శబ్దం సరిపోయింది కానీ, చాప మీద పెట్టిన కాసేపటికే రోలర్ ఆగిపోయింది. అంటే జబ్బులు రెండున్నాయి. మొదటిది తీరాకే రెండోది బయటపడింది.

రోలర్ పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకాలి, బ్యాటరీ ఊడివచ్చేదైతే తీసేయాలి. చాలావాటిలో తల పక్కనున్న తాళాన్ని నాణెంతో తిప్పితే రోలర్ బయటికి వస్తుంది. జుట్టును లాగొద్దు. లాగిన కొద్దీ బిగుస్తుంది, కుచ్చులు ఊడతాయి. కుచ్చుల వరసల మధ్య గాడి ఉంటుంది. అందులో దారాలు కత్తిరించే చిన్న కత్తెర మొన దూర్చి, రోలర్ పొడవునా ఆ చివర నుంచి ఈ చివర దాకా కోసుకుంటూ పోవాలి. ఇంకో పక్క గాడిలోనూ అలాగే కోస్తే చుట్టలు ముక్కలై చేతితోనే వచ్చేస్తాయి.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంది. తిరిగే కొద్దీ వెంట్రుకలు చివరలకు జరిగి, మూత కిందున్న బేరింగ్ చుట్టూ చేరతాయి. ఆ రాపిడి వేడికి ప్లాస్టిక్ మూత మెత్తబడి రూపు మారొచ్చు. చివరి మూతలు ఊడే రకమైతే ఊడదీసి, అక్కడి చుట్టలను పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగేయాలి. తర్వాత రోలర్ చివరలు పట్టుకుని వేలితో తిప్పి చూడండి. గరగరలాడకుండా తేలిగ్గా తిరగాలి. గరగర పోకపోయినా, మూత కరిగి వంకర పోయినా ఇక రోలర్ మార్చాల్సిందే.

ఫిల్టర్‌ను ముందు ఇంటి బయట, చెత్తబుట్ట అంచుకు మెల్లగా తట్టాలి. దుమ్ము పట్టిన వైపు కిందికి ఉండాలి. తట్టితే ముతక దుమ్మే రాలుతుంది, మెత్తనిది నీళ్లకే వదులుతుంది. అయితే కడగొచ్చని ఫిల్టర్ మీదో దాని పుస్తకంలోనో ఉంటేనే నీళ్లు పెట్టాలి, కాగితం ఫిల్టర్ తడిస్తే పాడైపోతుంది. నీళ్లు ఫిల్టర్ శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు పారాలి. అప్పుడే దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది, తిరగేసి కడిగితే ఇంకా లోపలికి దిగుతుంది. స్పాంజిని పిండొచ్చు, మడతల ఫిల్టర్‌ను పిండకూడదు. సబ్బు వద్దు. బోరు నీళ్లలోని ఉప్పు ఆరాక రంధ్రాల్లోనే మిగులుతుంది కాబట్టి చివరి జాలింపైనా నల్లా నీళ్లతో చేస్తే మేలు.

ఎక్కువ మంది ఓపిక తప్పేది ఆరబెట్టడంలో. పైన ఆరినట్టు కనిపించినా మడతల లోపల తడి ఉంటుంది. దాన్ని అలాగే బిగిస్తే కొత్త దుమ్ము తడికి బురదై గట్టిపడుతుంది, ముక్కిన వాసన కొడుతుంది, తేమ మోటారు దాకా వెళుతుంది. ఫ్యాను గాలికి కనీసం 24 గంటలు ఉంచాలి, వాన ముసురులో రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. హెయిర్ డ్రయ్యర్ పెడితే జిగురు వదిలి మడతలు చెడతాయి. ఈలోగా ఫిల్టర్ లేకుండా యంత్రాన్ని నడపకూడదు, దుమ్ము నేరుగా మోటారులోకే పోతుంది.

ముగ్గు పిండి, సాంబ్రాణి బూడిద, గోడకు డ్రిల్ వేసినప్పుడు రాలే పొడి, పుట్టీ రుద్దిన పొడి మాత్రం ఈ యంత్రానికి పెట్టొద్దు. అంత మెత్తని పొడి నిమిషాల్లోనే ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, బిగించాక కూడా గొట్టం విప్పి నడిపితే కీచు గొంతే వినిపిస్తోందంటే, ఆ ఫిల్టర్ లోలోపల నిండిపోయింది. దానికి కొత్తది కొనాల్సిందే.