కాళ్ళు పైకెత్తితే నడుము ఎందుకు లేస్తుంది?

పిల్లలూ! వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు వంచకుండా రెండు కాళ్ళూ పైకెత్తడం మీలో చాలామంది చేసే ఉంటారు. బడిలో దీన్ని లెగ్ రెయిజ్ అంటారు. యోగా క్లాసులో అయితే ఉత్తానపాదాసనం అంటారు. ఉత్తాన అంటే పైకి చాచిన, పాదం అంటే మీకు తెలుసు కదా! "ఇది పొట్టకు మంచి వ్యాయామం" అని అందరూ చెబుతారు. కానీ ఒక తమాషా ఉంది. పొట్ట కండరాలు కాళ్ళను ఎత్తలేవు! మరి ఎవరు ఎత్తుతున్నారు? పొట్ట ఏం చేస్తోంది? రండి, చూద్దాం.

ఎవరు ఎక్కడ అతుక్కుని ఉన్నారు?

కండరం ఒక తాడు లాంటిది. దానికి లాగడం మాత్రమే వచ్చు, తోయడం రాదు. అది ఏ రెండు ఎముకలకు అతుక్కుని ఉంటే ఆ రెండింటినీ దగ్గరికి లాగుతుంది.

పొట్ట మీద నిలువుగా ఉండే కండరం పైన పక్కటెముకల దగ్గర, కింద కటి ముందు భాగానికి అతుక్కుని ఉంటుంది. కటి అంటే మీ సైన్సు టీచరు పెల్విస్ అని చెప్పే ఎముకల గిన్నె. పొట్ట కండరం అక్కడితో ఆగిపోతుంది, కాలి దాకా రాదు. కాలికి కట్టని తాడు కాలిని ఎలా ఎత్తుతుంది? ఎత్తలేదు.

కాలిని ఎత్తేవి తుంటిని మడిచే కండరాలు. తుంటి అంటే కాలు నడుముకు కలిసే చోటు. ఈ కండరాల్లో ముఖ్యమైనదాని పేరు సోయాస్. ఇంగ్లీషులో ఈ పేరు 'పి' అక్షరంతో మొదలవుతుంది, కానీ ఆ 'పి' పలకరు. సోయాస్ నడుము దగ్గరున్న వెన్నుపూసల పక్కల నుంచి మొదలవుతుంది. కటి ముందు నుంచి కిందికి దిగి, తొడ ఎముక పైభాగంలో లోపలివైపు అతుక్కుంటుంది. అంటే దాని ఒక కొస వెన్నెముకకు, ఇంకో కొస కాలికి కట్టి ఉందన్నమాట. దానికి తోడుగా కటి నుంచి కాలికి వెళ్ళే కండరాలు కూడా ఉన్నాయి.

తాడు రెండు వైపులా లాగుతుంది

ఇప్పుడు అసలు సంగతి. బిగుసుకుపోయిన సొరుగును లాగారనుకోండి. బీరువా బరువుగా ఉంటే సొరుగు బయటికి వస్తుంది. బీరువా తేలికగా ఉంటే? అదే మీ వైపు ఒరిగిపోతుంది!

సోయాస్ కూడా అంతే. అది బిగిసినప్పుడు కాలిని పైకి లాగుతుంది, అదే సమయంలో నడుమును ముందుకు లాగుతుంది. తుంటిని మడిచే మిగతా కండరాలు కటిని ముందుకు ఒంచాలని చూస్తాయి. మీరు నిలబడి ఉన్నట్టు, మీ కటి నిండా చారు ఉన్నట్టు ఊహించుకోండి. గిన్నె ముందుకు ఒరిగితే చారు పొట్ట వైపు ఒలుకుతుంది. అలా ఒరిగినప్పుడు వెనక నడుము విల్లులా వంగుతుంది. పడుకుని ఉంటే, ఆ విల్లు నేల నుంచి పైకి లేస్తుంది.

ఇక్కడే పొట్ట కండరాల పని. అవి గిన్నె ముందు అంచును పక్కటెముకల వైపు లాగి పట్టుకుని, ఒరగకుండా ఆపుతాయి. తుంటి కండరాలు కాలిని ఎత్తుతాయి, పొట్ట కండరాలు కటిని కదలకుండా పట్టుకుంటాయి. పొట్ట కదలకపోయినా గట్టిపడేది అందుకే.

బరువు లెక్క

షాంటిలీలో ఉండే ఒక అక్కను, తమ్ముణ్ణి ఊహించుకోండి. అక్క బరువు 90 పౌండ్లు. మనిషి బరువులో రెండు కాళ్ళూ కలిపి దాదాపు మూడో వంతు ఉంటాయి. అంటే అక్క కాళ్ళ బరువు సుమారు 30 పౌండ్లు. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల బియ్యం సంచి ఎప్పుడైనా ఎత్తారా? దానికి ఒకటిన్నర రెట్లు!

పైగా సోయాస్ తొడకు అతుక్కున్న చోటు తుంటి కీలుకు చాలా దగ్గర. తలుపును బందుల పక్కన తోసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అందుకే తుంటి కండరాలు 30 పౌండ్ల కంటే ఎన్నో రెట్లు గట్టిగా లాగాలి. నడుము మీద కూడా ఆ లాగుడు పడుతుంది.

అక్క కాళ్ళు నిటారుగా ఆకాశం వైపు ఉన్నప్పుడు వాటి బరువు నేరుగా తుంటి మీదే ఉంటుంది, కండరాలకు పెద్దగా పని ఉండదు. నేల నుంచి 60 డిగ్రీల దగ్గర భారం సగం అవుతుంది. కాళ్ళు నేలకు కొంచెం ఎత్తులో ఉన్నప్పుడు దాదాపు మొత్తం భారం పడుతుంది. కాబట్టి కాళ్ళు కిందికి వచ్చేకొద్దీ పని కష్టమవుతుంది.

తమ్ముడు అక్క నడుము కింద చెయ్యి పెట్టాడు. అక్క కాళ్ళు నిటారుగా ఉన్నప్పుడు చెయ్యి గట్టిగా నొక్కుకుపోయింది. అక్క మెల్లగా దించుతోంది. 60 డిగ్రీల దగ్గర కూడా చెయ్యి కదల్లేదు. ఇంకా కిందికి వచ్చేసరికి తమ్ముడు, "అక్కా, నా చెయ్యి వదులైపోయింది! నీ నడుము లేస్తోంది" అన్నాడు. సరిగ్గా ఆ చోట అక్క పొట్ట కండరాలు పట్టు కోల్పోయాయి. కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి, ఎందుకంటే తుంటి కండరాలు లాగుతూనే ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్ళకు వ్యాయామం బాగానే జరుగుతున్నట్టు కనిపిస్తుంది. తేడా చెప్పింది తమ్ముడి చెయ్యి.

మరి ఏం చెయ్యాలి?

మామూలుగా పడుకున్నప్పుడు నడుము కింద కొంచెం ఖాళీ ఉండడం సహజం. అది తప్పు కాదు. కాళ్ళు దించుతుంటే ఆ ఖాళీ పెరుగుతోందా అన్నదే చూడాలి. పెరుగుతుంటే మూడు దారులున్నాయి.

మొదటిది, నడుము లేవబోయే చోటే ఆగి, మళ్ళీ కాళ్ళు పైకి తీసుకెళ్ళండి. నేల దాకా దించాలని నియమం ఏమీ లేదు.

రెండోది, మోకాళ్ళు వంచండి. అప్పుడు పాదాల బరువు తుంటికి దగ్గరగా వస్తుంది, భారం తగ్గుతుంది.

మూడోది, ఒక మోకాలు వంచి ఆ పాదాన్ని నేల మీద ఉంచి, రెండో కాలు మాత్రమే ఎత్తండి. ఎత్తే బరువు సగమవుతుంది. యోగాలో కూడా ఒక్కో కాలు ఎత్తే పద్ధతి ఉంది, దాన్ని ఏకపాద ఉత్తానపాదాసనం అంటారు.

నడుములో నొప్పి వస్తే వెంటనే ఆపి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.

కొత్త మాటలు

వెల్లకిలా: వీపు నేలకు ఆనించి
తుంటి: కాలు నడుముకు కలిసే చోటు
కటి: నడుము కింద గిన్నెలా ఉండే ఎముకలు
కొస: చివర
ఒరగడం: ఒక పక్కకు వాలడం

ఆలోచించి తెలుగులో చెప్పండి

1. పొట్ట కండరం కాలిని ఎందుకు ఎత్తలేదు?
2. కాళ్ళు నిటారుగా ఉన్నప్పుడు కష్టమా, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు కష్టమా? ఎందుకు?
3. ఇంట్లో ఒకరి నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. ఎక్కడ వదులైంది? రెండు వాక్యాల్లో రాయండి.