ఏ ఆర్డర్ తీసుకోవాలి, ఏది వదిలేయాలి?

హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేసే రైడర్ ఫోన్ మోగిందంటే, నిర్ణయానికి కొన్ని సెకన్లే గడువు. తెరమీద కనిపించేది డబ్బు, దూరం. కనిపించని ఖర్చు మరొకటుంది. డెలివరీ ఇచ్చాక ఖాళీగా వెనక్కి రావాల్సిన దూరం.

ఒక లెక్క చూద్దాం. పెట్రోలు, ఆయిలు, టైర్లు కలిపి బండికి కిలోమీటరుకు 3 రూపాయలనుకుందాం. గచ్చిబౌలిలో ఉన్న రైడర్‌కు కోకాపేట ఆర్డర్ వచ్చింది, 80 రూపాయలు. హోటల్‌కు 2 కిలోమీటర్లు, అక్కడి నుంచి కస్టమర్‌కు 8. తిరిగి హోటళ్లున్న చోటికి రావడానికి మరో 5. మొత్తం 15 కిలోమీటర్లకు బండి ఖర్చు 45 పోగా మిగిలేది 35 రూపాయలు. టవర్ గేటు దగ్గర ఎంట్రీ, లిఫ్ట్ కోసం నిరీక్షణ కలిపితే 65 నిమిషాలు పడుతుంది.

మరో ఆర్డర్‌కు 32 రూపాయలే. కానీ రానూపోనూ 4 కిలోమీటర్లు, 25 నిమిషాలు. ఖర్చు 12 పోను 20 మిగులుతుంది. గంటకు లెక్కిస్తే మొదటిది సుమారు 32, రెండోది 48. వెంటవెంటనే ఆర్డర్లు పడే వేళ చిన్న ఆర్డరే లాభం. పని లేని మధ్యాహ్నం మూడింటికైతే ఆ 35 రూపాయలూ వదులుకోవాల్సినవి కావు.

మరి పెద్ద ఆర్డర్లన్నీ వద్దనేయొచ్చా? అక్కడే యాక్సెప్టెన్స్ రేటు అడ్డొస్తుంది. వచ్చిన ఆర్డర్లలో 85 శాతం తీసుకుంటే రోజుకు 200 రూపాయల ఇన్సెంటివ్ ఉందనుకోండి. 20 ఆర్డర్లు వస్తే వదలగలిగేవి మూడే. నాలుగోది వదిలితే 200 పోతాయి. అదే 65 నిమిషాలు చిన్న ఆర్డర్లు చేస్తే వచ్చేది 52, కోకాపేటకు వెళ్తే 35. అంటే 17 రూపాయల కోసం 200 పోగొట్టుకున్నట్టు. అందుకే అనుభవమున్నవాళ్లు ఆ మూడు అవకాశాలనూ పొద్దున్నే ఖర్చు చేయరు. రాత్రి రద్దీలో వచ్చే దూరపు ఆర్డర్ల కోసం దాచుకుంటారు.

రేటింగ్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఎప్పుడూ ఆలస్యం చేసే హోటల్ ఆర్డర్ తీసుకుంటే అరగంట కౌంటర్ దగ్గరే గడిచిపోతుంది, చల్లారిన బిర్యానీకి తక్కువ స్టార్లు మాత్రం రైడర్‌కే పడతాయి. అలాంటి ఆర్డర్‌ను మొదట్లోనే వద్దనడం మేలు. తీసుకున్నాక క్యాన్సిల్ చేస్తే మరింత నష్టం.

రైడర్ ఎంత నేర్పుగా లెక్కవేసినా, ఖాళీగా తిరిగొచ్చే ఖర్చు అతని జేబులోంచే పోతోంది. తిరుగు దూరానికీ డబ్బు కట్టి, శాతం తగ్గితే ఏం కోల్పోతారో కంపెనీలు ముందే స్పష్టంగా చెప్పాలి. ఆలస్యం ఎవరివల్ల జరిగిందో తెలుసుకున్నాకే మనం స్టార్లు ఇవ్వాలి.